పీసీవీ వాల్వా, క్యానిస్టరా: వణుకు ఎక్కడిది?

మే ఎండలో హన్మకొండలో ట్యాంక్ నింపించా. నాజిల్ టక్కుమని ఆగాక కూడా రౌండ్ ఫిగర్ కోసం ఇంకో మూడుసార్లు నొక్కించా, తప్పు నాదే. ఆ తర్వాత బండి ఒక పట్టాన స్టార్ట్ కాలేదు, స్టార్ట్ అయ్యాక కూడా ఐడిల్‌లో వణికింది. మెకానిక్ అన్న ముందు పీసీవీ వాల్వ్‌ని అనుమానించాడు. అందులో వింత లేదు, పీసీవీ లాగే ఆవిరీ, క్యానిస్టర్ పట్టి ఉంచే పెట్రోల్ ఆవిరీ రెండూ చేరేది ఇంజిన్‌కు గాలి అందించే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోకే.

పీసీవీ పని ఇంజిన్ లోపల: పిస్టన్ రింగులు దాటి క్రాంక్‌కేస్‌లోకి జారిన గ్యాస్‌ను ఇంజిన్ నడుస్తున్నప్పుడే లాగి మళ్లీ కాల్చిస్తుంది. క్యానిస్టర్‌ది ట్యాంక్ సంగతి. బండి ఎండలో ఆగి ఉన్నా లేచే పెట్రోల్ ఆవిరిని లోపలి యాక్టివేటెడ్ బొగ్గు పట్టి ఉంచుతుంది, తర్వాత ఇంజిన్ నడిచేటప్పుడు పర్జ్ వాల్వ్ తెరుచుకుంటే బయటి గాలి బొగ్గులోంచి దూరి ఆ ఆవిరిని లాక్కెళ్తుంది. బొగ్గుకు ఆవిరే సరిపడుతుంది. ట్యాంక్ అంచుదాకా నింపితే పెట్రోలే అందులోకి పారి, ఇంజిన్‌కు కావాల్సినదానికన్నా ఎక్కువ ఇంధనం వెళ్లొచ్చు.

అన్న ఐడిల్‌లో ఆయిల్ మూత కొద్దిగా లేపాడు. పొగ తన్నుకురాలేదు, ఈలలా గట్టిగా గాలి పీల్చనూ లేదు. పొగ తన్నితే పీసీవీ మూసుకుపోయి ఉండొచ్చు లేదా రింగులు అరిగి ఉండొచ్చు, గట్టిగా పీలిస్తే వాల్వ్ తెరుచుకునే ఉండిపోయినట్టు. తర్వాత ఇంజిన్ ఆపి, చల్లారాక క్యానిస్టర్ పైపు ఊడదీస్తే వేలికి తడి తగిలింది, పెట్రోల్ చుక్కలు. క్యానిస్టర్ మార్చాం. నాకైతే ముందు చూడాల్సింది ఆ పైపే అనిపిస్తుంది, ట్యాంక్ నింపిన వెంటనే మొదలైన వణుకైతే మరీను.