ఎనిమిది శాతం అన్నారు, పంతొమ్మిదిన్నర పడింది: షోరూమ్ ఫైనాన్స్, బ్యాంకు లోను, సొంత డబ్బు మూడూ వాడాక

మా ఇంట్లో మూడు బళ్లున్నాయి. స్కూటీ 2022లో షోరూమ్ ఫైనాన్స్ మీద వచ్చింది, కారు 2024 నవంబరులో బ్యాంకు లోను మీద, బైకు పోయిన ఏడాది పూర్తిగా సొంత డబ్బుతో. స్కూటీ కిస్తీలన్నీ తీరిపోయాయి కాబట్టి కాగితాలు ముందు పెట్టుకుని పైసాతో సహా లెక్క చెప్పగలను. బళ్ల మీద నాకు ఫిర్యాదేమీ లేదు. నా కోపమంతా షోరూమ్ టేబుల్ మీద వినిపించే ఒక్క మాట మీద: "ఎయిట్ పర్సెంటే సార్, బ్యాంకులో అయితే పన్నెండు."

ఆ రెండూ ఒకే రకం శాతాలు కావు. బ్యాంకు చెప్పే పన్నెండు, తగ్గే అసలు మీద వడ్డీ. షోరూమ్‌లో చెప్పే ఎనిమిది ఫ్లాట్ వడ్డీ, అంటే మొదటి రోజు అప్పు మీదే చివరి నెల దాకా వడ్డీ. స్కూటీకి రాసిన లోను 80,000. ఏడాదికి 8 శాతం చొప్పున మూడేళ్లకు 19,200 వడ్డీ. రెండూ కలిపి 36తో భాగిస్తే నెలకు 2,756. ఇందులో ప్రతి నెలా 533 రూపాయలు వడ్డీ కిందే పోతాయి. ఈ లెక్కన చివరి కిస్తీ నాటికి మిగిలే అసలు 2,223 మాత్రమే, దాని మీద కూడా ఆ నెల వడ్డీ 533. ఇలా తీరిపోయిన అసలుకు కూడా వడ్డీ కట్టిస్తారు కాబట్టే, తగ్గే అసలు లెక్కలోకి మారిస్తే ఈ ఎనిమిది పద్నాలుగున్నర దాటుతుంది. అదే 80,000కు బ్యాంకు పన్నెండుతో నెలకు 2,657 పడుతుంది. పన్నెండు అన్నవాడి దగ్గరే చవక.

నెలకు 99 రూపాయల తేడాకే ఇంత గొడవా అనిపించవచ్చు. నిజంగా అంతటితో ఆగితే నేనిది రాసేవాణ్ణి కాదు. అసలు దెబ్బ డౌన్ పేమెంట్‌లో ఉంది.

స్కూటీ ఆన్‌రోడ్ ధర 1,10,000. లోను 80,000 అయితే చేతి నుంచి 30,000 పోవాలి కదా. షోరూమ్ చీటీ మీద డౌన్ పేమెంట్ 36,994 అని ఒకే అంకె వేశారు. విడగొట్టి రాయమని గట్టిగా అడిగితే వెనక వైపు పెన్నుతో రాసిచ్చారు. ప్రాసెసింగ్ ఫీజు 1,600, దాని మీద జీఎస్టీ 288. డాక్యుమెంటేషన్, స్టాంపులు కలిపి 900. లోనుకు ఇన్సూరెన్స్ 1,450, ఇది బండికి కాదు, అప్పు తీసుకున్న మనిషికి. చివరగా అడ్వాన్స్ ఈఎంఐ ఒకటి, 2,756. మొత్తం 6,994.

అడ్వాన్స్ ఈఎంఐ చూడటానికి ఏ నష్టమూ లేనట్టుంటుంది, ఎప్పటికైనా కట్టాల్సిందే కదా అనిపిస్తుంది. కానీ అప్పు ఇచ్చిన రోజే ఒక కిస్తీ వెనక్కి తీసుకుంటే వాళ్లు మనకిచ్చింది 77,244 మాత్రమే. వడ్డీ లెక్క మాత్రం 80,000 మీదే నడుస్తుంది. ఆ ఒక్క కిస్తీతోనే రేటు పద్నాలుగున్నర నుంచి పదిహేనున్నరకు పోతుంది. రెండు మూడు అడ్వాన్స్ కిస్తీలు అడిగే స్కీములూ ఉన్నాయి, వాటిలో ఇది ఇంకా పెరుగుతుంది.

ఇక్కడ లెక్క సులువుగా పట్టుకునే దారి ఒకటుంది. ఏ ఛార్జీ పేరూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఆన్‌రోడ్ ధరలోంచి ఆ రోజు మీ చేతి నుంచి పోయిన మొత్తం డబ్బు తీసేయండి. 1,10,000లో 36,994 పోతే 73,006. మీకు నిజంగా అందిన అప్పు అదే, అగ్రిమెంటులో ఎంత రాసున్నా సరే. ఇంకా కట్టాల్సిన కిస్తీలు 35. ఫోన్‌లో ఏ స్ప్రెడ్‌షీట్ యాప్ తెరిచినా ఈ ఒక్క లైను చాలు:

```
=RATE(35,-2756,73006)*12
```

జవాబు 0.196 దగ్గర వస్తుంది, అంటే ఏడాదికి 19.6 శాతం. మన ఊళ్ల లెక్కలో చెప్పాలంటే, ఎనిమిది శాతం వింటే అరవై ఏడు పైసల వడ్డీ అనుకుంటాం, పడింది రూపాయి అరవై మూడు పైసల వడ్డీ. ఛార్జీలతో కలిపి స్కూటీ అప్పుకు మొత్తం కట్టింది 1,03,454. అప్పట్లో బ్యాంకు చెప్పిన లెక్క ప్రకారం, పన్నెండు శాతానికి, 1,180 ఫీజుతో కలిపి 96,832 అయ్యేది. తేడా 6,622. ఛార్జీలన్నీ వేసినా బ్యాంకు రేటు పదమూడు దగ్గరే ఆగేది.

షోరూమ్ ఫైనాన్స్‌లో మంచి లేదనను. గంటలోపు పని అయిపోయింది. జీతం స్లిప్పులు అడగలేదు, జామీను అడగలేదు, ఆధార్, పాన్, బ్యాంకు పాసుబుక్కుతో సరిపెట్టారు. స్కూటీ కొన్న కొత్తలో అడిగిన వాళ్లందరికీ ఇదే చెప్పి మెచ్చుకున్నాను. ఇప్పుడైతే ఆ గంట సుఖానికి ఆరు వేల ఆరొందలు ఇచ్చామని కూడా కలిపి చెబుతాను.

ముందే తీర్చేద్దామనుకునే వాళ్లకు ఇంకో చిక్కుంది. సగం కిస్తీలు కట్టాక సగం అప్పు, అంటే 40,000 మిగిలి ఉంటుందని అనుకుంటాం. 18 కిస్తీలు అయ్యాక మిగిలేది 44,000 దగ్గర, ఎందుకంటే ముందే తీర్చేటప్పుడు మిగిలిన అప్పును తగ్గే అసలు లెక్కలోకి మార్చి తేలుస్తారు, ఆ లెక్కలో మొదటి నెలల కిస్తీల్లో వడ్డీ వాటా ఎక్కువగా పోతుంది. దాని మీద ముందస్తు ముగింపు ఛార్జీ 4 శాతం, ఆ ఛార్జీ మీద జీఎస్టీ, కలిపి ఇంకో రెండు వేలు. అయినా మిగతా 18 కిస్తీలు లాగడం కన్నా మూడున్నర వేలు తగ్గుతుంది. కానీ "క్లోజ్ చేస్తే వడ్డీ అంతా మిగులుతుంది" అన్న మాట నిజం కాదు. ఆరు నెలలో, ఏడాదో దాటితే గానీ ముగించనివ్వని షరతు ఉందేమో సంతకానికి ముందే చూడాలి.

కారు లోను దగ్గర మంచి ఆశ్చర్యం కలిగించింది ఒక కాగితం. 2024 అక్టోబరు 1 నుంచి కొత్తగా ఇచ్చే రిటైల్ లోన్లకు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు పెట్టింది. బ్యాంకులకే కాదు, ఫైనాన్స్ కంపెనీలకూ ఈ నిబంధన ఉంది. అందులో ఏపీఆర్ అని ఒక అంకె ఉంటుంది. వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు, లోనుతో అంటగట్టిన ఇన్సూరెన్స్ అన్నీ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో చెప్పే అంకె అది. నేను పైన ఫార్ములాతో తీసిన పని ఆ అంకె చేసి పెడుతుంది. రెండు చోట్ల లోను పోల్చాలంటే వడ్డీ రేట్లు పక్కన పెట్టి ఈ ఏపీఆర్‌లు పక్కపక్కన చూస్తే చాలు. ఆ కాగితంలో చూపని ఫీజును తర్వాత మీ ఒప్పుదల లేకుండా వసూలు చేయకూడదు. 2022లో ఈ కాగితం చేతికి వచ్చి ఉంటే "ఎయిట్ పర్సెంట్" మాట టేబుల్ దాటేది కాదు. ఒక్కటే జాగ్రత్త: సంతకాల కట్టలో మధ్యలో పెట్టి తిప్పేస్తారు. ముందు రోజే వాట్సాప్‌లో పంపమని అడగండి.

బ్యాంకు లోను పని మాత్రం తీరిగ్గా సాగింది. కొటేషన్ ఇచ్చిన రోజు నుంచి డబ్బు డీలర్ ఖాతాకు చేరే దాకా తొమ్మిది పని దినాలు. ఐటీ రిటర్నులు రెండేళ్లవి, జీతం ఖాతా స్టేట్‌మెంటు ఆరు నెలలది. ఈలోగా షోరూమ్ వాళ్లు రోజూ ఫోన్ చేసి తమ ఫైనాన్స్‌కు మారమంటారు, ఎందుకంటే ప్రతి లోనుకూ ఫైనాన్స్ కంపెనీ నుంచి వాళ్లకు కమిషన్ ముడుతుంది. కారు లోను ఫ్లోటింగ్ రేటు కాబట్టి 2025లో రెపో రేటు తగ్గినప్పుడు గడువు నెలలు తగ్గాయి. ఫిక్స్‌డ్ రేటు తీసుకుంటే ఇది జరగదు. 2026 జనవరి 1 నుంచి మంజూరైన ఫ్లోటింగ్ లోన్లకు, వ్యక్తులు వ్యాపారానికి కాక సొంతానికి తీసుకుంటే, ముందస్తు ముగింపు ఛార్జీ వేయకూడదన్న నిబంధన కూడా వచ్చింది.

సొంత డబ్బు పెడదామంటే షోరూమ్‌లో ఇంకో మాట వినిపిస్తుంది: "ఎఫ్‌డీ ఎందుకు పగలగొడతారు సార్, అక్కడ వచ్చే వడ్డీతో ఇక్కడి వడ్డీ తీరిపోతుంది." 80,000ను 7 శాతానికి మూడేళ్లు ఉంచితే 98,500 అవుతుంది, నిజమే. వచ్చే వడ్డీ 18,500, కట్టే వడ్డీ 19,200, దాదాపు సమానం అనిపిస్తుంది. ఇందులో మరిచిపోయేది, ఆ మూడేళ్లూ నెలనెలా 2,756 మీ జీతంలోంచి పోతూనే ఉంటుంది. ఎఫ్‌డీ తీసి బండి కొని, అదే 2,756ను అదే 7 శాతానికి ఆర్‌డీ కడితే మూడేళ్లకు 1,10,000 దాటుతుంది. పన్ను పక్కన పెట్టి, ఛార్జీలు కలపకుండానే తేడా పన్నెండు వేల దాకా ఉంది. అయితే ఆ ఆర్‌డీ నిజంగా కట్టాలి. కట్టకపోతే ఎఫ్‌డీ పోయినట్టే.

బైకుకు సొంత డబ్బు పెట్టినప్పుడు నష్టపోయింది 3,000 తగ్గింపు. ఆ ఆఫర్ ఫైనాన్స్ తీసుకున్నవాళ్లకే అన్నారు. రెండు లక్షలు, ఆపై మొత్తాన్ని డీలర్ నోట్ల రూపంలో తీసుకోకూడదు, ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. కాబట్టి కారుకు సొంత డబ్బు అంటే చెక్కో, ఆర్‌టీజీఎస్సో. బైకుకైనా ఖాతా నుంచి పంపితేనే రసీదు మీద పూర్తి అంకె వస్తుంది.

అప్పు తీరాక పని కూడా లెక్కలో వేసుకోవాలి. స్కూటీ చివరి కిస్తీ పోయినా ఆర్‌సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు అలాగే ఉంది. ఎన్‌వోసీ, ఫారం 35 రెండు కాపీలు వాళ్ల సంతకం, ముద్రతో తెచ్చుకుని ఆర్‌టీఏలో హైపోథికేషన్ తీయించాలి. ఎన్‌వోసీకి గడువుంటుంది, మూడు నెలలు దాటనిస్తే మళ్లీ తిరగాలి. ఇన్సూరెన్స్ పాలసీలోనూ వాళ్ల పేరు తీయించాలి. లేకపోతే బండి పోయినా, పూర్తిగా దెబ్బతిన్నా క్లెయిమ్ డబ్బు ముందు వాళ్ల వైపే చూస్తుంది. బైకుకు ఈ తిరుగుడు ఏదీ లేదు.

నాకు నెల జీతం ఉంది, రిటర్నులు ఉన్నాయి, పది రోజులు ఆగగలను. అందుకే మళ్లీ కొంటే చిన్న బండికి సొంత డబ్బు, కారుకు బ్యాంకు. జీతం స్లిప్పులు లేక, రేపటి నుంచే బండి మీద డెలివరీ పనికి పోవాల్సిన మనిషికి షోరూమ్ ఫైనాన్సే దారి కావచ్చు, వద్దనలేను. అప్పుడైనా లోనుకు ఇన్సూరెన్స్ వద్దని, అడ్వాన్స్ ఈఎంఐ లేని స్కీము కావాలని అడగండి. నా స్కూటీ లెక్కలో ఆ రెండూ లేకుంటే 19.6 కాస్తా పదిహేడు దగ్గరికి దిగేది.