ముఖం లేని గడియారం కోసం సాలిస్‌బరీ దాకా

కేంబ్రిడ్జ్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి పోయిన నవంబర్లో వెళ్లాను. అందరూ లండన్ చూపించు అంటారు, నేను మాత్రం పాత గడియారాలు చూపించమన్నాను. "అమ్మా, మనింట్లో గోడ గడియారం ఆగిపోయి రెండేళ్లయింది, దానికి బ్యాటరీ వేయవు గానీ..." అని నవ్వింది. అయినా మూడు ఊళ్లు తిప్పింది.

మొదట బరీ సెయింట్ ఎడ్మండ్స్. కేంబ్రిడ్జ్ నుంచి రైల్లో ముప్పావు గంట. ఒకప్పటి పెద్ద బెనెడిక్టిన్ మఠం ఇప్పుడు పార్కు. పూలమొక్కల మధ్య చెకుముకి రాళ్ల మొండిగోడలు నిలబడి ఉంటాయి. టికెట్ లేదు. గడియారం చూద్దామని వస్తే ఇక్కడ ఏమీ దొరకదు, ముందే చెబుతున్నాను. నేను వచ్చింది ఇక్కడ జరిగిన ఒక సంగతి కోసం.

1198లో ఒక రాత్రి కొవ్వొత్తి వల్ల ఇక్కడి ఎడ్మండ్ సమాధి మందిరంలో మంటలు లేచాయి. ఆ మఠంలోనే ఉన్న జోసెలిన్ అనే సన్యాసి ఆ కథ రాసి పెట్టాడు. రాత్రి ప్రార్థనకి ముందు గడియారం మోగింది. వస్త్రాల గది చూసుకునే ఆయన లేచాడు, మంట చూశాడు, అందరినీ లేపాడు. నీళ్ల కోసం కుర్రవాళ్లు కొందరు బావి దగ్గరికి పరిగెత్తారు, కొందరు గడియారం దగ్గరికి పరిగెత్తారు. గడియారంలో అన్ని నీళ్లున్నాయన్నమాట!

నీటి గడియారం అంటే మనకి కొత్తేమీ కాదు. అడుగున చిన్న చిల్లున్న గిన్నెని నీళ్లలో వదిలితే అది నిండి మునిగేసరికి ఒక ఘడియ, అంటే 24 నిమిషాలు. మునగగానే కాపలా మనిషి గంట కొట్టేవాడు. గడియారం అన్న మాట ఆ ఘడియలోంచే వచ్చింది. కానీ మనవైపు గిన్నెని చూస్తూ ఒక మనిషి మేలుకుని ఉండాలి. బరీ సన్యాసులకి కావాల్సింది అదే మనిషిని లేపే యంత్రం. చలికాలం అర్ధరాత్రి దాటాక చీకట్లో లేచి ప్రార్థన మొదలుపెట్టాలి, గంట కొట్టేవాడే నిద్రపోతే మఠమంతా నిద్రపోతుంది. అందుకని నీటిమట్టం ఒక చోటికి రాగానే కొక్కెం జారి, బరువు కిందపడి, చిన్న గంట గణగణమనేలా కట్టుకున్నారు. అంటే బరువు, తాడు, సుత్తి అప్పటికే ఉన్నాయి. నీటి పని ఒక్కటే, ఎప్పుడు వదలాలో చెప్పడం. చలికాలం వస్తే ఆ నీరే గడ్డకట్టేది, అసలు రాత్రులు పొడుగ్గా ఉండే రోజుల్లోనే.

ఈ దేశంలో నవంబరు చలి తిన్నాక ఆ బాధ నాకు బాగా అర్థమైంది.

సాలిస్‌బరీకి లండన్ వాటర్లూ స్టేషన్ నుంచి రైలు, గంటన్నర. కెథీడ్రల్‌కి టికెట్ ఉంది, తక్కువేం కాదు, కానీ మాగ్నా కార్టా ప్రతి కూడా అందులోనే చూడొచ్చు. చాలామంది దానికోసం నేరుగా లోపలికి పోతారు. ఉత్తరం వైపు నడవలో ఇనుప మంచంలా ఉన్నదాన్ని దాటుకుని పోతారు. అదే గడియారం. ముఖం లేదు, ముల్లు లేదు, అంకెలు లేవు. నాకైతే మా తాతగారి చెరుకు గానుగ గుర్తొచ్చింది. నల్లటి ఇనుప చట్రం, నా ఛాతీ దాకా ఎత్తు, తాళ్లు, రాతి బరువులు.

1386 నాటి ఒక పత్రంలో గడియారం చూసుకునేవాడికి ఇచ్చిన ఇంటి ప్రస్తావన ఉంది, దాన్నిబట్టి ఈ గడియారం అప్పటిదని చెబుతారు. తేదీ మీద నిపుణుల్లో వాదం ఉంది. 1884లో కొత్తది పెట్టాక దీన్ని వదిలేశారు, 1928లో టవర్ పైన మళ్లీ కంటబడింది. మధ్యలో ఎవరో లోలకం తగిలించారు, 1956లో దాన్ని తీసేసి పాత పద్ధతిలో మళ్లీ చేశారు.

అక్కడి వలంటీర్ పెద్దావిడ మమ్మల్ని పక్కకి వంగి చూడమంది. తాడుకి వేలాడే బరువు చక్రాన్ని తిప్పాలని లాగుతుంది. వదిలేస్తే గిర్రున తిరిగి బరువు నేలని తాకుతుంది. ఆ చక్రానికి పళ్లు పక్కకి పొడుచుకొచ్చి ఉన్నాయి. దాని ముందు నిలువు కడ్డీ, కడ్డీకి పైనొకటి, కిందొకటి రెండు రేకులు. కడ్డీ నెత్తిన కావడిలా అడ్డ బద్ద, రెండు చివరలా చిన్న బరువులు. ఒక పన్ను పై రేకుని తోస్తుంది, కావడి అటు ఊగుతుంది. ఇంతలో కింది రేకు ఎదుటి పన్నుకి అడ్డం వస్తుంది. టక్. చక్రం ఆగి, ఈసారి దాన్ని తోస్తుంది, కావడి ఇటు ఊగుతుంది. టక్. ధారగా పోయే నీటి స్థానంలో ఈ ఆగి ఆగి నడక వచ్చిందన్నమాట. చిన్న గంటని అటూ ఇటూ కొట్టే పాత సుత్తి ఏర్పాటులోంచే ఈ ఉపాయం పుట్టి ఉంటుందని కొందరు చరిత్రకారులు అంటారు. చూశాక నాకూ అదే నిజమనిపించింది.

1271లో రాబర్ట్ అనే ఇంగ్లీషు పండితుడు, రోజుకి ఒక్కసారి తిరిగే చక్రం కోసం గడియారాలవాళ్లు తంటాలు పడుతున్నారు కానీ కుదరడం లేదు అని రాశాడు. పన్నెండేళ్లకి, 1283లో, డన్‌స్టబుల్ మఠంలో గడియారం పెట్టినట్టు రాసి ఉంది. నీళ్లు లేనివాటిలో ఇంగ్లండ్‌లో అదే మొదటిది కావచ్చు.

ఇలాంటివి రోజుకి పావుగంట తప్పినా వింత లేదు. తొందరపడుతుంటే కావడి బరువుల్ని చివరలకి జరుపుతారు, ఊపు నెమ్మదిస్తుంది. ఇంకో తిక్క కూడా ఉంది. ఎన్ని దెబ్బలు కొట్టాలో చెప్పేది అంచున గాట్లు పెట్టిన ఒక విడి చక్రం, గాటుకీ గాటుకీ మధ్య దూరం పెరుగుతూ పోతుంది. ఒకటి నుంచి పన్నెండు దాకా కలిపితే 78 దెబ్బలు. అది దెబ్బలే లెక్కపెడుతుంది, టైం దానికి తెలియదు. ఒకసారి దారి తప్పితే మూడింటికి నాలుగు కొడుతుంది, ఎవరో చేత్తో సరిచేసేదాకా అలాగే కొడుతూ పోతుంది.

"మరి టైం ఎలా చూసేవాళ్లు?" అని అడిగాను. "చూడరండీ, వింటారు" అంది పెద్దావిడ. క్లాక్ అన్న మాటకి అసలు అర్థం గంటే. మనం కూడా మోగేదాన్నీ అరవై నిమిషాలనీ ఒకే మాటతో గంట అంటాం కదా అని ఆవిడకి చెబితే, ఆ మాట రెండుసార్లు పలికించుకుంది.

క్యాంటీన్‌కి మంచి మార్కులే. గాజు కప్పులోంచి శిఖరం చూస్తూ వేడి సూప్ తాగొచ్చు. ఉప్పు మాత్రం వేసుకోవాలి.

వెల్స్‌కి రైలు లేదు. బాత్ దాకా రైల్లో వెళ్లి బస్సు ఎక్కాం. రాత్రి బస చేసిన చోట, పేరెందుకు గానీ, హీటర్ పదింటికి దానంతటదే ఆరిపోతుంది. రెండు కోట్లు వేసుకుని పడుకున్నాం. టిఫిన్ బాగుంది, కానీ ఆ గదికి ఆ రేటు ఎక్కువ.

సాలిస్‌బరీలో బిషప్‌గా ఉన్న రాల్ఫ్ ఎర్గమ్ 1388లో ఇక్కడికి మారాడు, ఇక్కడి కెథీడ్రల్ గడియారం 1390 ప్రాంతంలో వచ్చింది. దీనికి ముఖం ఉంది, ఎంత ముఖమో! ఇరవై నాలుగు గంటల పలక, పైన మధ్యాహ్నం, కింద అర్ధరాత్రి, నడుమ భూమి, వెలుపలి వలయంలో సూర్యుడు, లోపల పెరిగి తరిగే చంద్రుడు. పాత యంత్రం మాత్రం ఇక్కడ లేదు, లండన్ సైన్స్ మ్యూజియంకి పోయింది. ప్రతి పావుగంటకీ పైన చెక్క గుర్రాల వీరులు గుండ్రంగా తిరుగుతారు, ఒకడు దెబ్బతిని వెనక్కి పడతాడు. పక్కన గోడ మీద కూర్చున్న బొమ్మ మడమలతో గంటలు తంతుంది.

ఒక్కరోజే ఉంటే సాలిస్‌బరీ చాలు. పిల్లలుంటే వెల్స్, పావుగంటకి అయిదు నిమిషాల ముందే వెళ్లి నిలబడండి. ఆదివారం బస్సులు తక్కువ, ఆ సంగతి మాకు తెలుసు. "ఇంకొక్క పావుగంట, వాడు మళ్లీ పడతాడేమో చూద్దాం" అన్నాను. వాడే పడ్డాడు. బస్సు పోయింది.