ఆప్టో ఐసోలేటెడ్ అని రాసి అమ్ముతున్న రిలే మాడ్యూల్స్ కొనేముందు ఇది చదవండి

ఫ్రెండ్స్, 5 వోల్ట్ రెండు చానెళ్ల రిలే బోర్డు ఒకటి కొన్నా, పేజీలో పెద్దక్షరాలతో "ఆప్టోకప్లర్ ఐసోలేషన్" అని ఉంది, బోర్డు మీద నాలుగు కాళ్ల ఆప్టోలు రెండు నిజంగానే ఉన్నాయి, కానీ ఐసోలేషన్ మాత్రం లేదు. అమ్మినవాడు "రిలే టక్ మంటోంది కదా, రిటర్న్ లేదు" అన్నాడు. ఇలాంటివి చాలానే తిరుగుతున్నట్టున్నాయి, అందుకే చెప్తున్నా.

ముందు ఒక విషయం క్లియర్ చేసుకోవాలి. 230 వోల్ట్ నుంచి మన కంట్రోలర్‌ని మొదట విడదీసేది ఆప్టో కాదు, రిలేనే. కాయిల్‌కి కరెంటు ఇస్తే అయస్కాంతమై లోపలి రేకుని లాగుతుంది, COM వెళ్లి NO కి తగులుతుంది, మోటారో లైటో ఆన్ అవుతుంది, కాయిల్‌కీ ఆ కాంటాక్టులకీ మధ్య వైరు కనెక్షన్ ఏదీ ఉండదు. ఈ నీలం రిలేల కాయిల్ దాదాపు 70 ఓమ్స్, అంటే 5 వోల్టుల దగ్గర 70 మిల్లీఆంప్స్ పైనే లాగుతుంది, అంత కంట్రోలర్ పిన్ను ఇవ్వలేదు కాబట్టి మధ్యలో ట్రాన్సిస్టర్ పెడతారు. ఆ ట్రాన్సిస్టర్‌కీ మన పిన్నుకీ మధ్య ఆప్టో వస్తుంది: ఇటు LED వెలిగితే అటు ఫోటోట్రాన్సిస్టర్ ఆన్ అవుతుంది, మధ్యలో వెలుతురు తప్ప ఇంకేం లేదు.

మరి రిలే ఉండగా ఇది ఎందుకంటే, కాయిల్ ఆన్ ఆఫ్ అయినప్పుడల్లా దాని సప్లై ఊగుతుంది, ఆ గోల కంట్రోలర్ సప్లైలోకి రాకూడదు. ఇంకోటి, అసలుది, ఏదో రోజు రిలే లోపలో బోర్డు మీదో ఇన్సులేషన్ పోయి మెయిన్స్ కాయిల్ వైపుకి వచ్చేస్తే, కంట్రోలర్‌కీ దానికి USB తో తగిలించిన ల్యాప్‌టాప్‌కీ, ల్యాప్‌టాప్ మీద ఉన్న మన చేతికీ మధ్య మిగిలేది ఆ ఆప్టో ఒక్కటే. PC817 లాంటిది 5000 వోల్టుల వరకు తట్టుకునేలా చేస్తారు. కానీ పక్కనుంచే ఒక రాగి ట్రాక్ రెండు వైపుల్నీ కలిపేస్తే ఆ 5000 ఎందుకు పనికొస్తుంది?

నా బోర్డులో జరిగింది అదే. ఈ బోర్డులకి పక్కన మూడు పిన్నులుంటాయి, JD-VCC, VCC, GND అని. మొదటి రెండింటి మీద జంపర్ ఉంటే కాయిల్‌కీ ఆప్టో LED కీ ఒకే సప్లై, అంటే ఐసోలేషన్ లేనట్టే. జంపర్ తీసేసి, వేరే 5 వోల్ట్ అడాప్టర్ ప్లస్ JD-VCC కి, మైనస్ GND కి ఇచ్చి, కంట్రోలర్ నుంచి VCC, IN వైర్లు మాత్రమే తెస్తేనే రెండు వైపులూ విడిపోతాయి. కంట్రోలర్ GND కూడా కలపమని చాలామంది వీడియోల్లో చూపిస్తారు, మామూలుగా దొరికే లో-ట్రిగ్గర్ బోర్డుల్లో ఆప్టోకి ఆ వైరు అక్కర్లేదు, పెట్టారంటే రెండు సప్లైలూ మళ్లీ కలిసిపోయినట్టే.

ఇలా పద్ధతిగా పెట్టినా వాటర్ పంపు ఆగినప్పుడల్లా కంట్రోలర్ రీసెట్ అవుతోంది. దానికి ఐసోలేషన్ ఒక్కటే కారణం అని అనను, మోటారు ఆపినప్పుడు కాంటాక్టుల్లో వచ్చే స్పార్క్ గాల్లోంచి కూడా గోల చేస్తుంది, దానికి స్నబ్బర్ వేరే కావాలి. కానీ అనుమానమొచ్చి మెయిన్స్ పూర్తిగా పీకేసి, జంపర్ లేకుండానే మల్టీమీటర్‌తో VCC కీ JD-VCC కీ మధ్య చూస్తే బీప్! జంపర్ కింద ట్రాక్ ముందే కలిపేసి ఉంది, అంటే ఆ జంపర్ ఉత్త అలంకారం. ఇంకో టెస్ట్ కూడా చేశా, JD-VCC ఖాళీగా వదిలేసి, టెస్ట్ కోసం మాత్రం GND కూడా పెట్టి, IN ని లో చేశా. మంచి బోర్డులో చిన్న LED వెలగాలి గానీ కాయిల్‌కి సప్లై లేదు కాబట్టి రిలే కదలకూడదు, ఇది మాత్రం హాయిగా టక్ మంది.

బోర్డు వెనక తిప్పి చూస్తే ఇంకో దరిద్రం. COM ట్రాక్‌కీ కాయిల్ సోల్డర్‌కీ మధ్య ఖాళీ 2 మిల్లీమీటర్లు కూడా లేదు, మధ్యలో కోసిన గాడీ లేదు. నేనైతే 230 వోల్టులకి 6 మిల్లీమీటర్లయినా ఉందా అని చూస్తా. కాస్త తేమ, దుమ్ము పడితే కరెంటు ఆ ఖాళీ మీదుగానే పాకుతుంది, ఇక దానికి ఆప్టో కూడా అడ్డం లేకపోతే నేరుగా కంట్రోలర్‌లోకే.

ఇక ఒక్క చానెల్ ఉండే చిన్న బోర్డుల్లో చాలావాటికి అసలు JD-VCC పిన్నే ఉండదు, వాటి మీద ఆప్టో ఉన్నా సప్లై ఒకటే, కాబట్టి ఆ మాట నమ్మి మెయిన్స్‌కి వాడకండి. ఆర్డర్ పెట్టేముందు బోర్డు వెనక ఫోటో అడగండి, గాడి ఉందా, జంపర్ రెండు పిన్నుల మధ్య ట్రాక్ కనిపిస్తోందా చూడండి. పైవైపు కూడా ట్రాక్‌లుంటాయి కాబట్టి ఫోటో బాగున్నా చేతికొచ్చాక, మెయిన్స్ తగిలించకముందే, ఆ బీప్ టెస్ట్ చెయ్యండి.