సర్వర్ మార్చాక "ప్రాపగేషన్ మేడమ్, ఆగండి" అంటే నమ్మకండి: అమీర్‌పేట హోస్టింగ్ వాళ్ళతో జాగ్రత్త

ఇప్పుడే వాళ్ళ ఆఫీసు నుంచి వచ్చి కూర్చున్నా. ఒళ్ళు మండిపోతోంది, రాతలో తప్పులుంటే సర్దుకోండి. పేరు రాయను. పండగ పండక్కీ వాట్సాప్‌లో "డొమైన్ ఫ్రీ, హోస్టింగ్ సగం ధర" అని ఊదరగొట్టే అమీర్‌పేట వాళ్ళంటే మీలో సగం మందికి ఇప్పటికే అర్థమై ఉంటుంది.

మాది పోచంపల్లి చీరల ఆన్‌లైన్ షాపు. శ్రావణం రద్దీకి సైటు ఆగిపోతుందేమోనని వేరే కంపెనీలో వీపీఎస్, అంటే ఒక అద్దె సర్వర్, తీసుకుని సైటు మొత్తం అక్కడికి కాపీ చేయించాం. డొమైన్, ఆ పేరుకి ఏ సర్వర్ అడ్రస్సో చెప్పే డీఎన్ఎస్ మాత్రం అమీర్‌పేట వాళ్ళ దగ్గరే ఉంచాం. డొమైన్‌ని కొత్త సర్వర్‌కి తిప్పండి అని కొత్త ఐపీ ఇచ్చి టికెట్ పెడితే "డన్ మేడమ్" అన్నారు. ఆఫీసు బ్రాడ్‌బ్యాండ్‌లో చూస్తే కొత్త సైటే వచ్చింది. అందరం హమ్మయ్య అనుకున్నాం.

తర్వాత మొదలైంది అసలు కథ. సాయంత్రం మా అమ్మ తన ఫోన్లో చూసి "పాత రేట్లే కనిపిస్తున్నాయేంటే" అంది. కస్టమర్లూ అదే మాట. వాళ్ళు పెట్టిన ఆర్డర్లేమో మా కొత్త అడ్మిన్‌లో లేవు. ఎందుకుంటాయి, అవి పాత సర్వర్‌లో, పాత డేటాబేస్‌లో పడుతున్నాయి కదా. రెండు డేటాబేస్‌లూ ఒకదానికొకటి కాపీ కాబట్టి ఆర్డర్ నంబర్లు కూడా ఒక్కచోట నుంచే మొదలై రెండు వైపులా పెరుగుతున్నాయి. అంటే ఒకే నంబర్ మీద ఇద్దరు కస్టమర్లు. వరంగల్ ఆవిడ పాత సైటులో డబ్బు కట్టింది. పేమెంట్ గేట్‌వే పంపిన కన్ఫర్మేషన్ కొత్త సర్వర్‌కి వచ్చింది. అక్కడ అదే నంబర్ మీద డబ్బు కట్టని కూకట్‌పల్లి ఆవిడ ఆర్డర్ ఉంటే అది కాస్తా 'పెయిడ్' అయిపోయింది. చీర కూకట్‌పల్లి వెళ్ళింది, తిట్లు వరంగల్ నుంచి వచ్చాయి.

వాళ్ళకి ఫోన్ చేస్తే ఒకటే పాట. "డీఎన్ఎస్ ప్రాపగేషన్ మేడమ్, 48 గంటలు పడుతుంది, క్యాష్ క్లియర్ చేసుకోండి." మార్పు ఊరూరా పాకడానికి అంత టైమట. ఆ 48 అయ్యాక 72 అన్నారు. ప్రపంచపటం మీద ఊరూరా పచ్చ టిక్కులు చూపించే ప్రాపగేషన్ చెకింగ్ సైటు ఒకటి ఓపెన్ చేసి స్క్రీన్‌షాట్ పంపారు, "చూడండి, అమెరికాలో కూడా కొత్త ఐపీయే వస్తోంది, ప్రాబ్లమ్ మీ కస్టమర్ల ఫోన్లలో ఉంది" అని. కస్టమర్లందరి ఫోన్లూ ఒకేసారి చెడిపోయాయట! ఈ మాట విని కూడా ఇంకో రోజు ఆగిన నా తెలివికి సన్మానం చేయాలి.

చివరికి మాదాపూర్‌లో సర్వర్ల పని చేసే మా తమ్ముడి ఫ్రెండ్‌కి ఫోన్ చేశా. అతను అడిగిన మొదటి ప్రశ్న, "అక్కా, పాత సైటు వస్తున్నవాళ్ళు వైఫైలో చూస్తున్నారా, సిమ్ డేటాలోనా?" కనుక్కుంటే దాదాపు అందరూ సిమ్ డేటాయే, ఎక్కువగా జియో. "అయితే ఇది ప్రాపగేషన్ కాదక్కా. మీ లాప్‌టాప్‌నీ అడగొద్దు, గూగుల్‌నీ అడగొద్దు, సరాసరి ఆ హోస్టింగ్ వాళ్ళ నేమ్‌సర్వర్‌నే అడుగు" అని ఈ మూడు లైన్లు పంపాడు. నేమ్‌సర్వర్ అంటే మన డొమైన్ అడ్రస్‌లు అసలు రాసి ఉండే చోటు. డొమైన్ పేరు, ఐపీలు మార్చి పెడుతున్నా.

```
dig example.com NS +short
dig @ns1.example.net example.com A +noall +answer
dig @ns1.example.net example.com AAAA +noall +answer
```

మొదటి లైన్ మన డొమైన్ రికార్డులు ఎవరి నేమ్‌సర్వర్‌లో ఉన్నాయో చెబుతుంది. మిగతా రెండూ ఆ నేమ్‌సర్వర్‌నే నేరుగా అడుగుతాయి. నాకు వచ్చిన జవాబు ఇది:

```
example.com.  14400  IN  A     198.51.100.25
example.com.  14400  IN  AAAA  2001:db8:10::5
```

`A` రికార్డు, అంటే ఐపీవీ4 అడ్రస్, కొత్త సర్వర్‌దే. కింద ఉన్న `AAAA`, అంటే ఐపీవీ6 అడ్రస్, పాత సర్వర్‌ది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. మా కొత్త వీపీఎస్‌కి ఐపీవీ6 పెట్టించనే లేదు, కాబట్టి ఆ రికార్డు అక్కడ ఉండాల్సిన పనే లేదు.

మా ఆఫీసు బ్రాడ్‌బ్యాండ్‌లో ఐపీవీ6 లేదు, అందుకే అది `A` మాత్రమే వాడి కొత్త సైటుకి వెళ్ళింది. జియో మొబైల్ నెట్‌వర్క్ నడిచేది ఎక్కువగా ఐపీవీ6 మీదే. రెండు అడ్రస్‌లూ ఉంటే ఫోన్ ముందు ఐపీవీ6 వైపే వెళుతుంది, అక్కడ ఎవరూ పలకకపోతేనే పాతకాలం ఐపీవీ4కి మళ్ళుతుంది. పాత సర్వర్ ఇంకా బతికే ఉంది కాబట్టి చక్కగా పలికింది, పాత సైటు చూపించింది. అది ఆపేసి ఉంటే ఫోన్లన్నీ కొత్త దానికే వచ్చేవి, ఖర్మ! వాళ్ళు పంపిన పచ్చ టిక్కుల పటం కూడా అబద్ధం కాదు. అందులో ఎంచుకున్నది `A` ఒక్కటే, `AAAA` ఎంచుకుని చూస్తే అదే పటంలో ప్రతి ఊరూ పాత అడ్రస్సే చూపిస్తోంది.

ఇక ఆ 48 గంటల సంగతి. డీఎన్ఎస్‌లో మార్పుని ఎవరూ ఊరూరా మోసుకెళ్ళి పంచరు. జియో, గూగుల్ లాంటివాళ్ళ సర్వర్లు ఒకసారి అడిగి తెలుసుకున్న జవాబుని కొంతసేపు దాచుకుంటాయి, ఆ గడువు తీరాక మళ్ళీ అడుగుతాయి. ఆ గడువే టీటీఎల్. పై జవాబులో 14400 అన్నది సెకన్లలో ఆ గడువు, అంటే 4 గంటలు. మరి 48 ఎక్కడిది? నేమ్‌సర్వర్లనే మార్చినప్పుడు, `.com` రిజిస్ట్రీ ఇచ్చే జవాబు గడువు 172800 సెకన్లు, అంటే రెండు రోజులు. మేం నేమ్‌సర్వర్లు మార్చలేదు, రికార్డు మార్చమన్నాం, కాబట్టి 4 గంటల్లో సర్దుకోవాలి. పైగా అసలు నేమ్‌సర్వరే పాత అడ్రస్ చెబుతుంటే, 4 గంటలకోసారి అందరూ వచ్చి అదే పాత అడ్రస్ కొత్తగా పట్టుకెళతారు. స్టవ్ వెలిగించకుండా అన్నం ఉడికేదాకా ఆగమన్నట్టు ఉంది వీళ్ళ సలహా.

సరే, తెలిసింది కదా, మార్చుకుందామంటే వాళ్ళ ప్యానెల్‌లో నాకు `AAAA` కనిపించనే కనిపించదు. `A`, `CNAME`, `MX`, `TXT`, అంతే. మిగతావి వాళ్ళే మార్చాలట. స్క్రీన్‌షాట్లతో టికెట్ పెడితే చదవకుండానే "ప్రాపగేషన్ ఇన్ ప్రోగ్రెస్" అని మూసేశారు. అందుకే ఈ రోజు షాపు వదిలేసి నేరుగా ఆఫీసుకే వెళ్ళా.

మేనేజర్ గారు కుర్చీ కూడా చూపించలేదు. లాప్‌టాప్ ఆయన ముందు పెట్టి, ఇది మీ నేమ్‌సర్వర్ చెబుతున్న జవాబే, గూగుల్‌ది కాదు, చూడండి అన్నా. ఒక్క క్షణం చూశారు. అర్థమైందని మొహంలోనే తెలిసిపోయింది. అయినా ఏమన్నారో తెలుసా? "మీరు టికెట్‌లో ఐపీవీ4 అడ్రస్ ఒక్కటే ఇచ్చారు మేడమ్. ఐపీవీ6 తీసేయమని రాయలేదు కదా." ఐపీవీ6 అడ్రస్ మాకిచ్చింది మీరే, ఉందని మాకు ఎప్పుడూ చెప్పనిదీ మీరే, అన్నా. అప్పుడు నవ్వుతూ, పక్క టేబుల్ కుర్రాళ్ళకి కూడా వినపడేలా, "మాతోనే ఉండి ఉంటే ఈ తలనొప్పులు ఉండేవి కాదు కదా మేడమ్, చీప్‌గా వస్తుందని ఎక్కడికో వెళ్ళారు" అన్నారు. ఇన్నాళ్ళూ రెన్యువల్ తారీఖు ఒక్కటీ తప్పకుండా డబ్బు కట్టిన మనిషితో! ఆ మీదట రికార్డు తీయడానికి సర్వీస్ చార్జ్ అన్నారు. కట్టను, తీసేదాకా ఇక్కడి నుంచి కదలను అని అక్కడే నిలబడ్డా. కాసేపటికి ఒక కుర్రాడు లేచి "నేను చేస్తా మేడమ్" అని తీసేశాడు. రెండు నిమిషాల పని. అది కూడా పట్టలేదేమో. పాపం ఆ అబ్బాయిని ఏమీ అనకండి.

అక్కడే మళ్ళీ `dig` కొట్టి `AAAA` ఖాళీగా వచ్చాకే బయటికొచ్చా. జియో దాచుకున్న పాత జవాబు గడువు తీరాలి కాబట్టి మహా అయితే రాత్రికల్లా ఫోన్లన్నీ దారిలోకి రావాలి. మా అమ్మ ఫోన్లో అప్పుడే కొత్త రేట్లు వచ్చాయి.

మీరూ వాళ్ళ దగ్గర ఉంటే, లేదా ఎక్కడి నుంచైనా సర్వర్ మారుస్తుంటే, కొన్ని మాటలు. `dig` లేని విండోస్ వాళ్ళు ఇది కొట్టండి, చివర్న మీ నేమ్‌సర్వర్ పేరు పెట్టాలి, అది లేకపోతే మీ బ్రాడ్‌బ్యాండ్ వాడు దాచుకున్న జవాబే మళ్ళీ వస్తుంది:

```
nslookup -type=AAAA example.com ns1.example.net
```

`www` ఉన్న పేరుకి కూడా విడిగా చూడండి, దానికి వేరే రికార్డు ఉండొచ్చు. నేమ్‌సర్వర్ కొత్త అడ్రస్ చెబుతూ, బయటివాళ్ళకి పాతది వస్తుంటే అది నిజంగా గడువు సంగతే, ఆగొచ్చు. నేమ్‌సర్వరే పాతది చెబుతుంటే ఒక్క గంట కూడా ఆగకండి. రెండు సర్వర్లలోనూ `which.txt` అని ఒక ఫైలు పెట్టి ఒకదాంట్లో 'పాత', ఇంకోదాంట్లో 'కొత్త' అని రాసుకుంటే, వైఫై ఆపేసిన ఫోన్లో అది తెరిచి ఎటు వెళుతున్నామో తేల్చుకోవచ్చు.

మార్చే ముందు రోజే టీటీఎల్‌ని 300కి తగ్గించమనండి. డొమైన్‌ని తిప్పే ముందు పాత సైటులో ఆర్డర్లు తీసుకోవడం ఆపేయండి, అప్పుడు ఎవరైనా దారి తప్పి అటు వెళ్ళినా 'కాసేపట్లో వస్తాం' అన్న బోర్డు చూస్తారు తప్ప డబ్బు కట్టరు. నేను ఇప్పుడు పాత డేటాబేస్‌లో ఉన్న ఆర్డర్లు ఒక్కొక్కటీ తీసి, నంబర్లు కలిసిపోయిన వాళ్ళందరికీ ఫోన్లు చేయాలి. వరంగల్ ఆవిడతో మొదలు.