"రిస్క్ 84 శాతం తగ్గిస్తాం" అని అమ్మే ప్లాన్‌లతో జాగ్రత్త

షేర్లలో 40 శాతం, భద్రమైన చోట 60 శాతం పెట్టి "డైవర్సిఫికేషన్‌తో మీ రిస్క్‌ని 84 శాతం తగ్గించాం" అని చెప్పే ప్లాన్ ఎవరైనా మీ ఇంటికి తెస్తే, సంతకం పెట్టే ముందు ఇది చదవండి. డైవర్సిఫికేషన్ అంటే డబ్బుని ఒకేచోట కాకుండా రకరకాల పెట్టుబడుల్లో పంచి పెట్టడం. మా బాబాయికి రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో పది లక్షలు ఇలాంటి ప్లాన్‌లోకే వెళ్లాయి. ఏడాది తిరిగేసరికి స్టేట్‌మెంట్‌లో పది లక్షలకు కాస్త తక్కువే కనిపించింది. ఆ ఏడు మార్కెట్ బాగోలేదు, నిజమే. కానీ ముప్పాతిక వంతు పైగా రిస్క్ పోయిందని నమ్మిన మనిషికి ఆ అంకె చూశాక నిద్ర పట్టలేదు. "అంత తగ్గించామన్నారు కదరా, మరి ఇదేంటి?" అని ఫోన్ చేశారు. ఆయన దగ్గరున్న కాగితాలన్నీ తెప్పించుకుని చదివాను. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి కంపెనీ పేరు రాయడం లేదు. ఇదే లెక్కతో రేపు ఇంకొకరు రావచ్చు, అందుకే లెక్క ఎక్కడ తిప్పారో చెబుతాను.

బ్రోచర్‌లో ఇచ్చిన అంకెలే తీసుకుందాం. షేర్ల భాగం మంచి ఏడాదిలో 32 శాతం పెరుగుతుంది, చెడ్డ ఏడాదిలో 8 శాతం పడుతుంది, రెండింటికీ అవకాశం సగం సగం. భద్రమైన భాగం ఎప్పుడైనా 6 శాతం ఇస్తుంది. మార్కెట్‌లో ఏళ్లు ఇంత నీట్‌గా రెండు రకాలుగా ఉండవు కానీ, లెక్క అర్థం కావడానికి ఇది చాలు.

షేర్ల నుంచి సగటున ఆశించే రాబడి 32, మైనస్ 8 కలిపి సగం చేస్తే 12 శాతం. ఏ ఏడాదైనా అసలు రాబడి ఈ 12కి 20 పైన గానీ, 20 కింద గానీ ఉంటుంది. ఆ 20ని వర్గం చేస్తే వచ్చే 400 వేరియన్స్. మళ్లీ దాని వర్గమూలం, అంటే 20 శాతం, స్టాండర్డ్ డీవియేషన్. మన డబ్బు ఎంత ఊగుతుందో చెప్పేది ఈ రెండోదే, ఎందుకంటే అది రాబడిలాగే శాతాల్లో ఉంటుంది. వేరియన్స్ శాతాల వర్గంలో ఉంటుంది. 400 అనే అంకెని చూసి పది లక్షల మీద ఎంత పోతుందో ఎవరూ నేరుగా చెప్పలేరు.

ఇప్పుడు మొత్తంలో w వంతు షేర్లలో, మిగతాది భద్రమైన చోట పెడితే:

```
రాబడి = w × 12 + (1 − w) × 6
వేరియన్స్ = w² × 400
స్టాండర్డ్ డీవియేషన్ = w × 20
```

భద్రమైన భాగం అసలు ఊగదు కాబట్టి వేరియన్స్‌లో దాని వాటా సున్నా. 40 శాతం షేర్లకి w అంటే 0.4. రాబడి 4.8 ప్లస్ 3.6, అంటే 8.4 శాతం. మంచి ఏడాదిలో 16.4, చెడ్డ ఏడాదిలో 0.4. రెండూ 8.4కి సరిగ్గా 8 దూరంలో ఉన్నాయి, కాబట్టి స్టాండర్డ్ డీవియేషన్ 8, వేరియన్స్ 64.

400 నుంచి 64కి దిగితే 84 శాతం తగ్గినట్టే. బ్రోచర్ రెండో పేజీలో పెద్ద పచ్చ అక్షరాల్లో ఉన్నది ఆ 84. అదే పేజీ అడుగున, బాబాయి కళ్లద్దాలతో కూడా చదవలేనంత చిన్న అక్షరాల్లో "ఇక్కడ రిస్క్ అనగా వేరియన్స్" అని ఉంది. ఊగిసలాటని శాతాల్లో కొలిస్తే 20 నుంచి 8కి వచ్చింది, అంటే తగ్గింది 60 శాతమే. షేర్లని వందలో అరవై తగ్గించారు కాబట్టి రిస్క్ కూడా సరిగ్గా అంతే తగ్గింది. అంతకు మించి ఒక్క పైసా రిస్క్ కూడా ఎక్కడికీ పోలేదు.

ఈ తేడా కాగితం మీద చిన్నగా కనిపిస్తుంది గానీ, మార్కెట్ పడ్డప్పుడు తెలుస్తుంది. 2020లో జనవరి నుంచి మార్చి లోపల నిఫ్టీ సుమారు 38 శాతం పడింది. పది లక్షల్లో నాలుగు లక్షలు షేర్లలో ఉన్నవాళ్లకి అప్పుడు దాదాపు లక్షా యాభై రెండు వేలు కరిగేది. "84 శాతం తక్కువ రిస్క్" అన్న మాట నమ్మినవాళ్లు మాత్రం పది లక్షల మీద 38 శాతంలో ఆరో వంతు, అరవై వేల చిల్లర పోతుందని అనుకుంటారు. లక్షా యాభైకి సిద్ధపడి పెట్టినవాళ్లు ఓపిక పడతారు, అరవై వేలకి సిద్ధపడినవాళ్లు భయపడి అడుగున అమ్మేస్తారు. తప్పుడు అంకె చేసే అసలు నష్టం అక్కడే.

ఇక రెండో మాట, డైవర్సిఫికేషన్. ఏజెంటు బాబాయికి చెప్పింది ఇది: "సార్, షేర్లకీ సేఫ్ భాగానికీ కోరిలేషన్ సున్నా, కాబట్టి డైవర్సిఫికేషన్ లాభం ఫుల్." కోరిలేషన్ అంటే రెండు పెట్టుబడులు ఎంత కలిసికట్టుగా పెరిగి తగ్గుతాయో చెప్పే అంకె. వినడానికి బాగానే ఉంది. కానీ అసలు కదలని దానికి కోరిలేషన్ అనేదే లెక్కకి రాదు. రెండూ కలిసి ఎంత ఊగుతాయో చెప్పే కోవేరియన్స్ సున్నా అవుతుంది, అంతే. అలా సున్నా అయినంత మాత్రాన లాభం వచ్చిందో లేదో తెలియాలంటే, రిస్క్‌తో పాటు రాబడి ఏమైందో కూడా చూడాలి. షేర్లు ఒక్కటే ఉన్నప్పుడు భద్రమైన 6 శాతం మీద అదనంగా వచ్చేది 6, అందుకు మోసే రిస్క్ 20. భాగిస్తే 0.3. మిశ్రమంలో అదనం 2.4, రిస్క్ 8. మళ్లీ 0.3 యే. w ఎంత పెట్టినా ఈ 0.3 మారదు. అది మజ్జిగలో నీళ్లు కలిపినట్టు: పలుచనవుతుంది గానీ, కొత్త మజ్జిగ పుట్టదు.

నిజమైన డైవర్సిఫికేషన్ లాభం ఎలా ఉంటుందో దీనితో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. సగటు రాబడి 12, ఊగిసలాట 20 ఉన్న పెట్టుబడులు రెండు ఉన్నాయి, వాటి మధ్య కోరిలేషన్ 0.5 అనుకోండి. చెరి సగం పెడితే రాబడి 12 శాతమే ఉంటుంది, వేరియన్స్ మాత్రం 400 నుంచి 300కి దిగుతుంది, స్టాండర్డ్ డీవియేషన్ 17.3. ఇక్కడ రాబడిని ఏమీ వదులుకోకుండానే రిస్క్ తగ్గింది. 1952లో ఆర్థికవేత్త హ్యారీ మార్కోవిట్జ్ చూపించిన లాభం ఇది. నిఫ్టీలోని షేర్లన్నీ కొనే ఒక ఇండెక్స్ ఫండ్‌లో యాభై కంపెనీలు కలిసి ఉన్నప్పుడు ఆ పని ఫండ్ లోపలే చాలావరకు జరిగిపోతుంది. దాని పక్కన ఎఫ్‌డీ పెట్టడం మంచిదే, రిటైరైనవాళ్లకి అవసరం కూడా. కానీ దాన్ని మన తాహతుకి తగినంత రిస్క్ పెట్టుకోవడం అనాలి. షేర్లు ఎంత, భద్రమైనది ఎంత అన్నది విడిగా తేల్చుకోవచ్చని మరో ఆర్థికవేత్త జేమ్స్ టోబిన్ 1958లోనే చూపించారు. ఈ పనికి ఎవరికీ ప్రత్యేకంగా ఫీజు కట్టాల్సిన అవసరం లేదు.

ఇంతకీ కడుపు మండేది ఫీజు దగ్గరే. ప్లాన్ చార్జీలన్నీ కలిపి ఏటా 1.8 శాతం, అదీ మొత్తం పది లక్షల మీద. భద్రంగా కూర్చున్న ఆరు లక్షల మీద కూడా. అంటే ఏటా పద్దెనిమిది వేలు. పది లక్షలూ భద్రమైన చోటే ఉంటే ఏటా అరవై వేలు వస్తుంది. షేర్లు కలిపినందుకు సగటున ఆశించే అదనం ఇరవై నాలుగు వేలు. అందులోంచి పద్దెనిమిది వేలు ఫీజు పోతే మిగిలేది ఆరు వేలు. రిస్క్ మాత్రం అలాగే 8 శాతం, పూర్తిగా మనదే. 0.3 ఉండాల్సిన చోట 0.075 మిగిలింది. బ్రోచర్ ప్రకారం చెడ్డ ఏడాదిలో 0.4 శాతం లాభం రావాలి. ఫీజు తీసేశాక అది పద్నాలుగు వేల నష్టం.

ఇదే మాట ఇంకోలా చెబుతాను, బాబాయికి కూడా ఇలా చెప్పాకే అర్థమైంది. ఫీజు పోగా ఆ ప్లాన్‌లో ఆశించే రాబడి 6.6 శాతం. ఫీజు లేకుండా మనమే 6.6 తెచ్చుకోవాలంటే షేర్లలో ఎంత పెట్టాలి? ఒక్క లక్ష. తొమ్మిది లక్షల మీద 54 వేలు, లక్ష మీద 12 వేలు, మొత్తం 66 వేలు. అప్పుడు ఊగిసలాట 2 శాతం. అంటే అంతే రాబడి కోసం ఆయన చేత నాలుగింతల రిస్క్ మోయిస్తున్నారు. (ఇండెక్స్ ఫండ్‌కి కూడా కొంచెం ఖర్చు ఉంటుంది. మధ్యలో ఏజెంటు లేని డైరెక్ట్ ప్లాన్ తీసుకుంటే లక్ష మీద అది ఈ పద్దెనిమిది వేలతో పోల్చదగ్గది కాదు.)

మీ దగ్గరకి ఇలాంటి కాగితం వస్తే ముందు "రిస్క్" అన్న మాట దగ్గర ఆగి, అది వేరియన్సా, స్టాండర్డ్ డీవియేషనా అని అడగండి. తగ్గిన శాతం షేర్లని తగ్గించిన శాతం కన్నా ఎక్కువ చూపిస్తుంటే వర్గం చేశారన్నమాట. షేర్లు సగం ఉంటే 75 శాతం తగ్గిందంటారు, 30 శాతం ఉంటే 91 శాతం అంటారు. ఈ జతలు గుర్తు పెట్టుకుంటే కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు.

ఆ తర్వాత "సేఫ్" అన్న భాగంలో ఏముందో పేరుపేరునా రాసిమ్మనండి. పైన లెక్కంతా ఆ భాగం అసలు ఊగదు అన్న దాని మీదే నిలబడింది. ప్రభుత్వం ఏడాది లోపు అప్పుకి ఇచ్చే ట్రెజరీ బిల్లుని గడువు చివరిదాకా ఉంచుకుంటే అది నిజం. ఆర్‌బీఐ రిటైల్ డైరెక్ట్‌లో మనమే పదివేల నుంచి కొనుక్కోవచ్చు, ఖాతాకి ఫీజు లేదు. బ్యాంకు ఎఫ్‌డీ అయితే ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి వడ్డీతో కలిపి ఐదు లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంటుంది. కానీ బాబాయి కాగితాల్లో ఆ 60 శాతంలో కొంత, తక్కువ రేటింగ్ ఉన్న కంపెనీ బాండ్లు కొనే డెట్ ఫండ్‌లో ఉంది. అలాంటివి కూడా పడతాయి, అదీ షేర్లు పడే రోజుల్లోనే ఎక్కువగా. అప్పుడు కోవేరియన్స్ సున్నా కాదు, వేరియన్స్ 64 దగ్గర ఆగదు. ఈ ముక్క బ్రోచర్‌లో లేదు, అలాట్‌మెంట్ కాగితంలో ఉంది. అందుకే డబ్బు కట్టకముందే అడగమంటున్నాను.

వచ్చినవాళ్ల నంబర్ కూడా చూడండి. ఏఆర్‌ఎన్ అని ఉంటే మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్, అంటే అమ్మినందుకు కమీషన్ తీసుకునేవాళ్లు. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీలో నమోదైన ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్ నంబర్ ఐఎన్ఏతో మొదలవుతుంది, సెబీ వెబ్‌సైట్‌లో పేరు వెతికితే దొరుకుతుంది.

ఇప్పటికే ఇలాంటిది కొన్నవాళ్లు ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి. బ్రోచర్‌లో ఆ పేజీనీ, అడుగున ఉన్న చిన్న అక్షరాలనీ ఫోటో తీసి జత చేయండి. జవాబు సరిగా లేకపోతే సెబీ స్కోర్స్ పోర్టల్‌లో పెట్టొచ్చు. అక్కడ పెట్టాక కంపెనీకి 21 రోజుల గడువు ఉంటుంది. బాబాయిది ప్రస్తుతం ఆ దశలో ఉంది. ఏడాది దాటింది కాబట్టి ఎగ్జిట్ చార్జీ పడదని తెలిశాక, డబ్బు మాత్రం జవాబు కోసం ఆగకుండా వెనక్కి తీసుకున్నారు.