‘మా గురించి’ పేజీ: కత్తిరించాలా, తిరగరాయాలా, రెండుగా విడగొట్టాలా?

చెక్క గానుగ నూనెలు ఆన్‌లైన్‌లో అమ్మే ఒక చిన్న వ్యాపారాన్ని ఉదాహరణగా తీసుకుందాం. దాని ‘మా గురించి’ పేజీ దాదాపు 1,150 పదాలు. వ్యవస్థాపకుడి బాల్యంతో మొదలై ఇంజనీరింగ్ చదువు, బెంగళూరులో ఉద్యోగం, విసుగు, రాజీనామా, ఇంట్లోవాళ్ల వ్యతిరేకత, మొదటి గానుగ, అందుకున్న సన్మానాలు వరసగా వస్తాయి. నూనె గురించి మొదటి మాట ఏడో పేరాలో గానీ రాదు. ఇలాంటి పేజీలు తెలుగు సైట్లలో కోకొల్లలు. దీన్ని కొనేవాళ్లకు పనికొచ్చేలా కుదించడానికి మూడు దారులున్నాయి. ఉన్నదాన్నే కత్తిరించడం ఒకటి, కొనేవాళ్ల ప్రశ్నల నుంచి మొదలుపెట్టి తిరగరాయడం రెండోది, కథను వేరే పేజీకి పంపి ఇక్కడ చిన్న పేజీ ఉంచడం మూడోది.

కత్తిరింపు అన్నిటికన్నా తేలిక. ఒక పూటలో అయిపోతుంది, యజమానికీ పెద్దగా అభ్యంతరం ఉండదు. కాకపోతే ఫలితం కూడా అంతే. 1,150 పదాలను 350కి తెచ్చినా వరస మారదు. మొదట పుట్టుక, తర్వాత చదువు, చివరికెప్పుడో నూనె. చదివేవాడికి దక్కేది చిన్నదైన జీవిత చరిత్ర, అంతే. పైగా కత్తిరించేటప్పుడు వివరాలు పోయి విశేషణాలు మిగులుతాయి. ‘శ్రీకాకుళం నుంచి తెప్పించిన పాత రాతి గానుగ పగిలిపోతే చెక్కది చేయించారు’ అన్న వాక్యం పొడుగ్గా ఉందని తీసేస్తారు. ‘నాణ్యతే మా ఊపిరి’ పొట్టిగా ఉందని ఉంచేస్తారు. ఉండాల్సింది మొదటిదే. రెండోదాన్ని ఏ ఇటుకల బట్టీ వాళ్లయినా తమ పేజీలో పెట్టుకోవచ్చు.

తిరగరాత వేరే చోట మొదలవుతుంది. ముందు పేజీని మూసేసి, వాట్సాప్ బిజినెస్‌లో గత మూడు నెలల సంభాషణలు తెరవాలి. కొనేవాళ్లు అడిగినవన్నీ వాళ్ల మాటల్లోనే ఒక షీటులో దించుకోవాలి. నూనె వ్యాపారమైతే ఎక్కువగా ఇలాంటివే కనబడతాయి: బయటకన్నా ధర ఎందుకింత ఎక్కువ? అడుగున మడ్డేంటి? బజ్జీలు వేస్తే నురగ పొంగుతోంది, కల్తీనా? ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది? డబ్బా కారితే ఎవరిది పూచీ? వీటిలో ‘మీరెవరు, ఎలా చేస్తారు, తేడా వస్తే ఏం చేస్తారు’ అనే కోవలోకి వచ్చేవే ఈ పేజీకి కావాలి. డెలివరీ ఛార్జీ, పిన్‌కోడు లాంటివి వేరే చోట ఉంటే చాలు. లేకపోతే పేజీ మళ్లీ చాంతాడంత అవుతుంది.

తర్వాత పాత పేజీలోని ఒక్కో విషయాన్నీ ఈ ప్రశ్నల పక్కన పెట్టి చూడాలి. వ్యవస్థాపకుడు బెంగళూరులో ఎన్నేళ్లు పనిచేశాడన్నది ఏ ప్రశ్నకూ జవాబు కాదు కాబట్టి పోతుంది. రెండేళ్లు గానుగ దగ్గర కూర్చుని పని నేర్చుకున్నాడన్నది ‘ఎవరు చేస్తారు’ అన్నదానికి జవాబు, అది ఉంటుంది. సన్మానం ఎవరిచ్చారు, ఏ ఏడాది అన్నవి చెప్పగలిగితే ఒక్క వాక్యంలో ఉంచవచ్చు. శాలువా ఫొటో మాత్రం అక్కర్లేదు. దాని బదులు గానుగ దగ్గర నిలబడి పప్పు పోస్తున్న ఫొటో పెడితే ఆ మనిషే కనబడతాడు, చేసే పనీ కనబడుతుంది.

పాత పేజీ మొదటి పేరా ఇలా ఉందనుకోండి: ‘మారుమూల పల్లెలో, సామాన్య రైతు కుటుంబంలో జన్మించిన మా వ్యవస్థాపకులు చిన్ననాటి నుంచే ఏదో సాధించాలనే తపనతో పెరిగారు.’ తిరగరాసిన పేజీ ఇలా మొదలవ్వవచ్చు:

‘లీటరు వేరుశనగ నూనెకు మేం సుమారు రెండున్నర కిలోల పప్పు ఆడిస్తాం. మా ధర ఎక్కువగా కనిపించడానికి మొదటి కారణం అదే. ఆడిన నూనెను మూడు రోజులు కదపకుండా తేరనిచ్చి, పైనూనె మాత్రమే డబ్బాలకెత్తుతాం. అయినా అడుగున సన్నటి మడ్డి చేరవచ్చు, అది పప్పుదే. రిఫైన్ చేయం కాబట్టి వేపుళ్లలో నురగ వస్తుంది, మూకుడు సగానికి మించి నింపకండి.’

ఇందులో పొగడ్త ఒక్కటీ లేదు, అయినా ధర మీది అనుమానానికి జవాబుంది. కిలో పప్పు 130 రూపాయలుంటే, లీటరు నూనెకు పప్పు ఖర్చే 325 రూపాయలని చదివేవాళ్లే లెక్క వేసుకుంటారు. నూనె తీశాక మిగిలే పప్పు చెక్క అమ్మితే కొంత తిరిగొస్తుంది, నిజమే, కానీ ఆ లెక్క ఇక్కడ అవసరం లేదు. నురగ సంగతి ముందే చెప్పడం వల్ల ‘కల్తీ’ అనే ఫోనులు తగ్గుతాయి. రిఫైనింగ్‌లో తీసేసే జిగురు పదార్థాలు గానుగ నూనెలో మిగిలిపోతాయి. నురగకు ముఖ్యమైన కారణం అవే. ఒక హెచ్చరిక: ఈ ఊపులో ‘గుండెకు మంచిది, షుగర్ తగ్గుతుంది’ అని రాసేయకండి. ఆహార పదార్థాల మీద ఇలాంటి ఆరోగ్య ప్రకటనలకు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 నిబంధనలున్నాయి, రుజువు చూపించలేని మాట పేజీలో ఉండకూడదు.

తిరగరాతలో ఎక్కువమంది ఒక పొరపాటు చేస్తారు. ‘మేము’ తీసి ‘మీరు’ పెడితే పేజీ కొనేవాళ్లదైపోతుందనుకుంటారు. పాత పేజీలో ‘మేము’ ఎన్నిసార్లు వచ్చిందో వెతికి, తక్కువే ఉంది కదా అని తృప్తిపడేవాళ్లూ ఉన్నారు. తెలుగులో ఈ లెక్క పనిచేయదు. ‘ప్రారంభించాం, శ్రమించాం, ఎదిగాం, అందిస్తున్నాం’ అన్న నాలుగు క్రియల్లో ‘మేము’ ఒక్కసారీ రాలేదు, కానీ నాలుగూ మన గొప్పలే. అందుకని సర్వనామాలు కాదు, క్రియలు లెక్కపెట్టండి. పేజీ ప్రింటు తీసి, ప్రతి వాక్యం చివరి క్రియ ఎవరి పనో పక్కన రాయండి: య అంటే యజమాని, న అంటే నూనె, కొ అంటే కొనేవాళ్లు. పాత పేజీలో పై నుంచి కింది దాకా య, య, య అని కనబడుతుంది. కొత్త పేజీలో మొదటి పది వాక్యాల్లో య మూడు నాలుగుకు మించకపోతే దారిలో ఉన్నట్టే. ‘ఆడిస్తాం, తేరనిస్తాం’ లాంటి క్రియలకు భయపడనక్కర్లేదు. వాటిని చేసేది మనమే అయినా, ఫలితం దక్కేది కొనేవాళ్లకు.

ఈ లెక్కన 280 నుంచి 350 పదాలు సరిపోతాయి. నూనె ఎలా తయారవుతుందో ఓ 120 పదాలు, పప్పు ఎక్కడి నుంచి వస్తుందో 50, తేడా వస్తే ఏం చేస్తారో 60, వ్యవస్థాపకుడి గురించి రెండు మూడు వాక్యాలు, మిగతాది చిరునామా, ఫోను. ‘తేడా వస్తే’ భాగంలో మెత్తటి మాటలు వద్దు. ‘డబ్బా కారి వస్తే ఆ రోజే ఫొటో పంపండి, రెండు రోజుల్లో వేరే డబ్బా పంపుతాం’ అని రాయండి. రెండు రోజుల్లో పంపలేకపోతే నాలుగు అనండి.

మూడో దారి విడదీత. ‘మా గురించి’ పేజీని పైన చెప్పినట్టే తిరగరాసి, పాత కథను ‘వ్యవస్థాపకుడి కథ’ పేరుతో వేరే పేజీలో ఉంచి, కింద ఒక లింకు ఇస్తారు. పని కాస్త ఎక్కువే, కానీ రెండు సందర్భాల్లో ఇదే సరైనది. ఒకటి, జనం వ్యవస్థాపకుడి పేరుతో వెతికి సైటుకు వస్తున్నప్పుడు. గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో పర్‌ఫార్మెన్స్ రిపోర్టు తెరిచి, ఆ ఒక్క పేజీని ఎంచుకుని, వచ్చిన వెతుకుడు మాటలు చూస్తే తెలిసిపోతుంది. పదహారు నెలల లెక్క అక్కడుంటుంది. రెండోది, పత్రికలవాళ్లో కాలేజీలవాళ్లో ఆ కథకు లింకు ఇచ్చి ఉన్నప్పుడు. ఈ రెండూ లేకపోతే విడదీత ఇంట్లోవాళ్ల మనసు నొచ్చకుండా చేసే సర్దుబాటు మాత్రమే. అదీ తక్కువదేం కాదు. కుటుంబ వ్యాపారంలో నాన్నగారి కథ తీసేస్తున్నామని చెప్పడం కన్నా ‘నాన్నగారికి ప్రత్యేకంగా ఒక పేజీ’ అని చెప్పడం చాలా తేలిక.

ఏ దారి పట్టినా `/about` చిరునామా మార్చకండి. పాత పేజీ వేరే పేరుతో ఉండి దాన్ని ఎత్తేస్తుంటే, బయటి లింకులు చచ్చిపోకుండా కొత్తదానికి మళ్లించాలి. అపాచీ సర్వరైతే `.htaccess`లో ఒక్క వరస చాలు:

```
Redirect 301 /our-founder-story /about
```

కుదింపు జోరులో ఉండాల్సినవి కూడా పోతుంటాయి. కంపెనీ అసలు పేరు, ప్రధాన కార్యాలయం చిరునామా, ఫోను, ఈమెయిలు, ఫిర్యాదులు చూసే అధికారి పేరు సైటులో కనబడాలని 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనలు చెబుతున్నాయి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. చాలా సైట్లలో ఈ వివరాలు ఉండేది ‘మా గురించి’ పేజీ అడుగునే. ఆ భాగాన్ని చెత్తనుకుని తీసేస్తే వేరే చోట లేకుండా పోతాయి. పద్నాలుగు అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు కూడా అక్కడే ఉంచండి.

మార్చాక ఫలితం చూడటంలోనూ మోసపోయే అవకాశముంది. గూగుల్ అనలిటిక్స్‌లో స్క్రోల్ లెక్క, పేజీలో 90 శాతం కిందికి వెళ్లినప్పుడు నమోదవుతుంది. పేజీ మూడో వంతుకు తగ్గితే ఆ అంకె దానంతటదే పెరుగుతుంది, అది విజయం కాదు. పేజీ మీద గడిపిన సమయం తగ్గుతుంది, అది ఓటమీ కాదు. చూడాల్సింది ఆ పేజీ నుంచి నూనెల పేజీకో, ఫోను నంబరుకో ఎంతమంది వెళ్తున్నారన్నది. నెలకు రెండు మూడు వందల మందే వచ్చే సైటులో సగం మందికి పాతది, సగం మందికి కొత్తది చూపించి పోల్చడం దండగ, తేడా తేలేంత జనం ఉండరు. మార్పుకు ముందు ఎనిమిది వారాలు, తర్వాత ఎనిమిది వారాలు పోల్చండి. సంక్రాంతి ఏదో ఒక వైపే పడకుండా చూసుకోండి, పిండివంటల నూనె అమ్మకం మీ రాతకు ఖాతా కాకూడదు. అన్నిటికన్నా నమ్మదగ్గ కొలత వాట్సాప్‌లోనే ఉంది: మడ్డి గురించి, నురగ గురించి అడిగేవాళ్లు తగ్గారా లేదా.

ఇక ఏది మేలంటే, వస్తువు అమ్మే వ్యాపారాల్లో ఎక్కువ భాగానికి తిరగరాతే. కథకు నిజంగా వెతుక్కుంటూ వచ్చేవాళ్లుంటే విడదీత. కత్తిరింపు సరిపోయేది మాత్రం మనిషే సరుకైన చోట: వీణ నేర్పే గురువు, దంతవైద్యురాలు, ఆడిటరు. అక్కడ ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎన్నేళ్లుగా చేస్తున్నారు అన్నదే కొనేవాడి మొదటి ప్రశ్న. అందుకే వాళ్ల పేజీలో చదువు, అనుభవం ఉంచి బాల్యం తీసేస్తే చాలు.