‘ఇప్పుడు, ఇంతకుముందు, ఇకముందు’: అనుభవం లేని అభ్యర్థికి ఈ చట్రం ఎంతవరకు పనికొస్తుంది?

ఇంటర్వ్యూలో ‘మీ గురించి చెప్పండి’ అనగానే ఏం చెప్పాలో నేర్పడానికి ఎక్కువమంది శిక్షకులు వాడే చట్రం ఒకటుంది. ఇప్పుడు ఏం చేస్తున్నారో మొదట చెప్పాలి, అక్కడి దాకా ఎలా వచ్చారో తర్వాత చెప్పాలి, ఈ ఉద్యోగం ఎందుకు కావాలో చివర చెప్పాలి. డిగ్రీ కళాశాలలో కామర్స్ చెబుతూ ప్లేస్‌మెంట్ శిక్షణ కూడా చూసుకుంటున్న నేను కొన్నేళ్లుగా చివరి సంవత్సరం పిల్లలతో దీన్నే వాడిస్తున్నాను. ఉన్నది ఉన్నట్టు వాడితే ఇది కొత్త పట్టభద్రులకు సగమే పనికొస్తుందని నా అభిప్రాయం. ఎందుకంటే ఇది అప్పటికే ఉద్యోగంలో ఉన్నవారి కోసం తయారైంది. కొంచెం మార్చుకుంటే మాత్రం దీనికి మించినది నాకు ఇంతవరకు కనిపించలేదు.

ముందుగా, ఇది తప్పించే పాత పద్ధతి గురించి. మన దగ్గర పేరు, ఊరు, నాన్నగారి వృత్తి, పదో తరగతి నుంచి డిగ్రీ దాకా మార్కులు, ఆ తర్వాత కష్టపడే తత్వం, సానుకూల దృక్పథం, పాటలు వినడం అనే వరుస తరతరాలుగా నడుస్తోంది. ఇందులో మార్కులు, ఊరు ప్యానెల్ చేతిలోని రెజ్యూమెలోనే ఉన్నాయి. కష్టపడే తత్వం గురించి బయట కుర్చీల్లో కూర్చున్న వాళ్లందరూ చెబుతారు. అందువల్ల వినేవారికి తర్వాతి ప్రశ్న దొరకదు. దొరకనప్పుడు వాళ్లు తల వంచి రెజ్యూమె చూసి ‘మీకు ఇష్టమైన సబ్జెక్టు ఏమిటి?’ అంటారు. మాక్ ఇంటర్వ్యూలలో పరిచయం విఫలమైందని నేను గుర్తుపట్టేది ఈ ప్రశ్నతోనే. చెప్పినదాంట్లోంచి తర్వాతి ప్రశ్న పుడితే పరిచయం పనిచేసినట్టు.

కొత్తవారికి ఈ చట్రం మొదటి భాగంలోనే తడబడుతుంది. ‘ప్రస్తుతం నేను డిగ్రీ పూర్తి చేసి ఉద్యోగం కోసం చూస్తున్నాను’ అన్న వాక్యం అబద్ధం కాదు, కానీ ఎదురుగా కూర్చున్నందువల్లే అందరికీ తెలిసిన విషయం అది. అందుకని మొదటి భాగంలో హోదాకు బదులు చేతనైన పనిని పెట్టిస్తాను. చదివిందేమిటో ఒక ముక్కలో చెప్పి, ఈరోజు కూర్చోబెడితే స్వయంగా చేయగల పని ఏమిటో ఆ వెంటనే చెప్పాలి. రెండో మార్పు కాలానికి సంబంధించినది. మూడు భాగాలకూ సమానంగా పంచకుండా, ఉన్న రెండు నిమిషాల్లో దాదాపు ఒక నిమిషం ఒకే ఒక్క పనికి ఇవ్వాలి. మొదటి భాగానికి ఇరవై సెకన్లు, దన్నుగా నిలిచే మరో చిన్న విషయానికి ఇరవై, ఈ ఉద్యోగం ఎందుకన్నదానికి పదిహేను చాలు. ఇంగ్లిషులో చెప్పేవారికి ఇదంతా కలిపి 220 నుంచి 240 పదాలు. అంతకు మించి రాసుకున్నవారు రెండు నిమిషాల్లో ముగించాలంటే పరుగెత్తాలి, ఆ పరుగు గొంతులో తెలిసిపోతుంది.

‘నేనేమీ చేయలేదు సార్, ఆ ఒక్క నిమిషం దేనితో నింపాలి?’ అన్నది దీనికి వచ్చే మామూలు అభ్యంతరం. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ విద్యార్థుల విషయంలో నేను దీన్ని అంత తేలికగా ఒప్పుకోను. మొదటి సంవత్సరం తర్వాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, ఆపైన ఇంటర్న్‌షిప్ తప్పనిసరిగా చేసినవారే వీళ్లంతా. లాగ్‌బుక్ రాసి సంతకాలు పెట్టించుకోవడంతో అది ముగిసిపోయిందనుకుంటారు, పరిచయంలో దాని ఊసే ఎత్తరు.

ఒక బీకామ్ విద్యార్థిని విషయం చెబుతాను. ఒక సంస్థలో అకౌంట్స్ అసిస్టెంట్ ఉద్యోగానికి వెళ్తూ, పైన చెప్పిన పాత వరుసనే నాకు అప్పజెప్పింది. యాభై సెకన్లలో అయిపోయింది. ప్రాజెక్టులో ఏం చేశావమ్మా అని అడిగితే ‘ఊళ్లో పొదుపు సంఘాల మీద సర్వే చేశామండీ’ అంది. సర్వేలో నీ చేత్తో ఏం చేశావు అని మళ్లీ అడిగాక అసలు విషయం బయటికి వచ్చింది. ఒక సంఘం పుస్తకంలోని నిల్వ, బ్యాంకు పాస్‌బుక్‌లోని నిల్వ కలవడం లేదని సభ్యులు గొడవ పడుతుంటే, ఈ అమ్మాయి కూర్చుని రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. పుస్తకంలో 568 రూపాయలు ఎక్కువ ఉంది. అందులో 118 రూపాయలు బ్యాంకు పట్టుకున్న రుసుము, అంటే వంద రూపాయలూ దానిపై 18 శాతం జీఎస్‌టీ. దాన్ని పుస్తకంలో ఎవరూ రాయలేదు. మిగిలిన 450 రూపాయల తేడా, బ్యాంకుకు కట్టిన 5,720 రూపాయల వాయిదాను పుస్తకంలో 5,270గా రాయడం వల్ల వచ్చింది. బ్యాంకు నిల్వల సమన్వయ పట్టిక అని మేము తరగతిలో చెప్పే పాఠం అదే. అకౌంట్స్ అసిస్టెంట్ నెలనెలా చేయవలసిన పనీ అదే.

ఆ తర్వాత మేము కూర్చుని తయారు చేసిన పరిచయం తెలుగులో ఇలా ఉంటుంది. మొదలు: ‘నేను ఈ సంవత్సరం బీకామ్ కంప్యూటర్ అప్లికేషన్స్ పూర్తి చేశాను. టాలీలో వోచర్లు నమోదు చేయడం, ఖాతా పుస్తకాన్ని బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిపోల్చడం స్వయంగా చేయగలను.’ ఇక్కడ ఊరు లేదు, ఇంట్లోవాళ్లు లేరు. రెండో వాక్యం ఆ ఉద్యోగ ప్రకటనలో అడిగిన పనికి సూటిగా తగులుతుంది.

తర్వాత అసలు పని: ‘సరిపోల్చడం నేను నిజమైన లెక్కల మీద నేర్చుకున్నది కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టులో. మా ఊరి పొదుపు సంఘం పుస్తకానికీ బ్యాంకు పాస్‌బుక్‌కీ 568 రూపాయల తేడా వచ్చింది, డబ్బు ఎవరో వాడుకున్నారని సభ్యుల అనుమానం. ఒక సంవత్సరం నమోదులను తేదీల వరుసలో పక్కపక్కన రాసుకుని చూశాను. బ్యాంకు తీసుకున్న 118 రూపాయల రుసుము పుస్తకంలో ఎక్కలేదు. మిగిలిన 450 రూపాయలు ఒక వాయిదా మొత్తాన్ని తప్పుగా రాయడం వల్ల వచ్చాయి. రెండింటినీ సంఘం లీడర్‌కు చూపించి సరిదిద్దించాను. ఆ తర్వాత నెల నిల్వలు కలిశాయి.’ ఇందులో చిక్కేమిటో ఉంది, తను చేసిందేమిటో ఉంది, చివరికి ఏం తేలిందో ఉంది. తనను తాను పొగుడుకున్న మాట ఒక్కటీ లేదు, అయినా ఈ అమ్మాయి ఓపిక గల మనిషని వినేవారికి తెలుస్తుంది.

మూడో ముక్కగా మామయ్య ఎరువుల దుకాణం బిల్లులను సెలవుల్లో టాలీలోకి ఎక్కించిన సంగతి వచ్చింది. అది రెండు వాక్యాలే. చివర ఆ సంస్థకు చాలామంది సరఫరాదారులున్నారని, నెలాఖరున ఖాతాలు సరిపోల్చే పనే ఎక్కువగా ఉంటుందని ప్రకటన చదివి తెలుసుకున్నానని, అందుకే దరఖాస్తు చేశానని చెప్పి ఆపేసింది.

ఈ చట్రం వాడేవారికి సాధారణంగా ఎవరూ చెప్పని కిటుకు ఒకటి ఇందులో ఉంది. 450 రూపాయల తప్పును ఎలా పట్టుకుందో ఆమె కావాలనే చెప్పలేదు. పక్కపక్క అంకెలు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదితో భాగించబడుతుంది. 568 భాగించబడదు కానీ, రుసుము తీసేశాక మిగిలిన 450 భాగించబడుతుంది. అది చూసి అంకెలు తారుమారై ఉంటాయని అనుమానించి, అలాంటి నమోదు కోసమే వెతికింది. లెక్కలు తెలిసిన మనిషి ఎదుట కూర్చుంటే ‘అది ఎలా కనిపెట్టావు?’ అని అడగకుండా ఉండలేడు. ఆ ఇంటర్వ్యూలో రెండో ప్రశ్న సరిగ్గా అదే వచ్చిందని ఆమె తర్వాత చెప్పింది. పరిచయంలో అన్నీ కుక్కేస్తే అడగడానికి ఏమీ మిగలదు. బాగా తెలిసిన ఒక వివరాన్ని ప్రశ్న కోసం అట్టేపెట్టుకోవాలి. ఆ వివరం మీద అయిదు నిమిషాలు మాట్లాడగలిగి ఉండాలన్నది నేను పెట్టే షరతు.

చట్రం బెడిసికొట్టే చోట్లు కూడా ఉన్నాయి. నలుగురు కలిసి చేసిన ప్రాజెక్టును ‘మేము చేశాం, మేము తయారు చేశాం’ అంటూ నిమిషం పాటు చెప్పడం వాటిలో మొదటిది. ప్యానెల్‌లో ఎవరో ఒకరు ‘అందులో మీరు చేసింది?’ అంటారు, అక్కడ నీళ్లు నమిలితే ఆ నిమిషమంతా వృథా. బృందం గురించి ఒక్క వాక్యం చెప్పి, మిగిలినదంతా తన వాటా గురించే చెప్పాలి. వాటా చిన్నదైనా పరవాలేదు. ప్రశ్నావళి తెలుగులోకి రాసి, నింపిన పత్రాల్లో పొంతన లేని జవాబులు ఏరి పక్కన పెట్టడమే తన పని అని చెప్పిన అబ్బాయి, ‘మేమంతా కలిసి యాప్ తయారు చేశాం’ అన్న అబ్బాయి కన్నా గట్టిగా నిలబడ్డాడు.

రెండోది బట్టీ. చట్రం చక్కగా కుదిరిన కొద్దీ పిల్లలు దాన్ని పద్యంలా కంఠస్థం చేస్తారు. మధ్యలో ఎవరైనా ఆపి ప్రశ్న వేస్తే, జవాబు చెప్పి మళ్లీ మొదటి వాక్యానికి వెళ్తారు. ఇది బయటపడాలనే మాక్ ఇంటర్వ్యూలో కావాలని అడ్డు తగులుతాను, లేదా మూడో భాగం నుంచి మొదలుపెట్టమంటాను. ఇంకొక పద్ధతి కూడా పనిచేస్తోంది. ఇంటర్వ్యూ ఇంగ్లిషులోనే అయినా, పూర్తి వాక్యాలు రాయక ముందు విషయమంతా తెలుగులో నోటితో చెప్పించుకుంటాను. తెలుగులో చెప్పలేకపోతే ఆ పని అతను నిజంగా చేయలేదని అర్థం, ఇంగ్లిషు వాక్యాలు ఆ లోటును కొంతసేపు దాచిపెడతాయంతే. ఆ తర్వాత కాగితం మీద ఎనిమిది, పది మాటలకు మించి రాసుకోనివ్వను.

ఊరు, కుటుంబం పూర్తిగా తీసేయమంటారా అని అడుగుతుంటారు. చిన్న సంస్థల్లో, ముఖ్యంగా యజమానే ప్యానెల్‌లో కూర్చునే చోట, అమ్మాయి రోజూ వచ్చిపోగలదా, మూడు నెలలకే మానేస్తుందా అన్న సందేహం వాళ్లకు నిజంగానే ఉంటుంది. అలాంటి చోట చివరి భాగంలో ‘మాది పక్క మండలమే, రోజూ బస్సులో రాగలను’ అన్న ఒక్క వాక్యం బాగా పనిచేస్తుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీల ఇంటర్వ్యూలో అదే వాక్యానికి విలువ లేదు.

ఈ చట్రం ఏమాత్రం పనికిరాని సందర్భం పెద్ద కంపెనీల సామూహిక నియామకాలు. వందల మంది వరుసలో ఉన్నప్పుడు ప్యానెల్‌కు రెండు నిమిషాల ఓపిక ఉండదు, ముప్పై సెకన్లకే చేయి ఊపి ఆపేస్తారు. పని గురించిన భాగం మధ్యలో ఉంది కాబట్టి సరిగ్గా దాని దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతుంది. అందుకే రెండు నిమిషాలది తయారయ్యాక, దాన్నే నలభై సెకన్లకు కోయిస్తాను: చేయగల పని ఒక వాక్యం, 568 రూపాయల తేడా ఎలా తేలిందో మూడు వాక్యాలు, ఈ ఉద్యోగం ఎందుకో ఒక వాక్యం. కెమెరా ముందు రికార్డు చేసి పంపమనే ఇంటర్వ్యూల్లోనూ ఈ చిన్నదే మేలు. అక్కడ ‘ఎలా కనిపెట్టావు?’ అని అడిగే మనిషి ఉండడు కనుక, అట్టేపెట్టిన తొమ్మిది లెక్కను కూడా అందులోనే చెప్పేయాలి.